అమ్మమ్మ మీద ఎవరికి రాయాలి?

మా అక్కది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా చెవికి ఫోను తగిలించుకుని కూర్చుంటుంది. అవతలి మనిషి అగ్గిమీద గుగ్గిలం అవుతుంటే, ఇవతల తను "అర్థమైందండీ, ఎప్పటినుంచి ఉందండీ ఈ ఇబ్బంది?" అని మెత్తగా అడుగుతుంది. ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ ఆ గొంతు ఇంటికి కూడా వచ్చేసింది. బావ కూరలో ఉప్పు లేదంటే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అంటుంది. ఉప్పు మాత్రం వెయ్యదు. మా అక్కకు కోపం రాగా చూసినవాళ్ళు మా వంశంలో లేరు. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

అక్క కూతురు మూడో తరగతి. ఇంట్లో రేడియో అవసరం లేకుండా చేసిన పిల్ల. పళ్ళు తోముకుంటూ కూడా పాడేది, నురగతో సహా. స్కూల్ వార్షికోత్సవంలో బృందగానానికి మొదటి చరణం తనే ఎత్తుకోవాలని చెప్పారట. ఇక మా చెవులకు సెలవులేదు. అలాంటి పిల్ల ఒకరోజు హఠాత్తుగా గొంతు నొప్పి అంది. మా అమ్మ వేడినీళ్ళు తాగించింది. గొంతుకేమీ లేదు, పాట మాత్రం రాలేదు. పైగా స్నానాలగదిలో సబ్బు అరిగిపోతోంది. బావ నన్ననుమానించాడు, నేను బావను అనుమానించాను. అక్క మాత్రం పిల్ల మోచేతులు చూసింది. తోమితోమి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

అక్క కేకలు పెట్టలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అదే ఆఫీసు గొంతుతో అడిగింది. "ఎప్పటినుంచి అమ్మా ఈ ఇబ్బంది?"

పిల్ల చెప్పింది. రిహార్సల్ రోజు టీచర్ అందరినీ వరుసల్లో నిలబెడుతోంది. బాగా పాడేవాళ్ళను ముందు పెట్టింది. మన పిల్ల ముందుకొచ్చి నిలబడగానే టీచర్ ఒకసారి ఎగాదిగా చూసి, "నువ్వు వెనక్కి వెళ్ళమ్మా. ఇంత నలుపు ముందు వరుసలో ఉంటే స్టేజీ మీద కరెంటు పోయిందనుకుంటారు" అంది. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల చుట్టూ సభ తీరాం. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయాలని అందరి మాటా ఒకటే. ఎలా రాయాలన్న దగ్గర మాత్రం ఎవరి గోల వాళ్ళది. మా బావ ఇంటింటికీ ఫర్నిచర్ చేరవేసే వ్యాను నడుపుతాడు. ఆయన ఉత్తరం "ఖబడ్దార్!" అని మొదలై, టీచర్‌ను రేపటికల్లా ఉద్యోగంలోంచి పీకెయ్యాలని ముగిసింది. మధ్యలో ఏమీ లేదు.

"ఇలాంటివి మా ఆఫీసుకి రోజూ వస్తాయి. 'కస్టమర్ ఆవేశంలో ఉన్నారు' అని రాసి మూసేస్తాం," అంది అక్క.

నేను రాసింది పేజీలకు పేజీలు వచ్చింది. సృష్టి మొదలునుంచి మనుషులంతా ఒకటేనని నిరూపించాను. అక్క ఓపిగ్గా చివరిదాకా చదివి, "బాగుందే. ఇంతకీ ఇందులో చెడిపోయిన మెషీను ఏదీ?" అంది. పాప పేరు రాయడం మర్చిపోయాను.

అక్క తనే కలం తీసుకుంది. గబగబా రాసి, మాకు చదివి వినిపించింది. "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ..."

బావ కుర్చీలోంచి జారిపోయాడు. నేను కడుపు పట్టుకున్నాను. ఇన్నేళ్ళు జవాబులు రాసిన చెయ్యి, ఫిర్యాదు రాయమంటే మళ్ళీ జవాబే రాసింది! అక్క కాసేపు బిక్కమొహం వేసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. అన్నిటికంటే మంచి విషయం, పాప నవ్వింది.

ఆ తర్వాత కుదురుగా రాసింది. ఏ రోజు, ఏ గదిలో, ఎవరి ముందు. టీచర్ అన్న మాట పాప చెప్పింది చెప్పినట్టు, మనం ఒక్క ముక్క కలపకుండా. విన్నవాళ్ళలో పాప పక్క బెంచీ స్నేహితురాలి పేరు రాయొచ్చా అని ఆ పిల్ల తల్లికి ముందే ఫోను చేసి అడిగింది. పాట మానెయ్యడం, మోచేతులు కందిపోవడం రాసింది. టీచర్ మనసులో ఏముందో రాయబోతే నా చెయ్యి పట్టుకుంది. "మనసు మనకి కనపడదు. మాట వినపడింది. అంతవరకే." చివర్లో ఏం కావాలో అడిగింది. మాట అందరి ముందూ అన్నారు కాబట్టి, తప్పని కూడా అందరి ముందే చెప్పాలి. వరుసల్లో నిలబెట్టడానికి అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి. ఫిర్యాదు చేసిందని పాపను చులకనగా చూడకూడదు. తీసుకున్న చర్య ఏమిటో మాకు రాతలో తెలపాలి.

"మరి ఉద్యోగం?" అన్నాడు బావ దిగులుగా.

"ఉద్యోగం తీసెయ్యమంటే ప్రిన్సిపాల్ టీచర్‌ని కాపాడే పనిలో పడుతుంది. తప్పు దిద్దమంటే దిద్దే పనిలో పడుతుంది. ఇప్పుడు నువ్వే ప్రిన్సిపాల్‌వనుకో. దీన్ని ఎలా మూసేస్తావో చూపించు."

అది వాళ్ళ ఆఫీసు అలవాటట. ఫిర్యాదులో ఎక్కడ సందు దొరికితే అక్కడ కంపెనీ దూరుతుంది. బావ నా కళ్ళద్దాలు పెట్టుకుని, పొట్ట ముందుకు తోసి, "చిన్నపిల్లలన్నాక ఏవేవో చెప్తారండీ" అన్నాడు. అక్క సాక్షి పేరు చూపించింది. "టీచర్ సరదాగా అంది లెండి" అన్నాడు. అక్క మోచేతుల సంగతి చూపించింది. బావకు ఊపొచ్చి ఇంకా పొట్ట ముందుకు తోశాడు కానీ, సందు దొరకలేదు.

సందు పాపకు దొరికింది. బల్లమీదికి వంగి ఉత్తరమంతా చదివి, "అమ్మా, మరి అమ్మమ్మ మీద ఎవరికి రాయాలి?" అంది.

అందరం అమ్మ వైపు తిరిగాం. మా అమ్మ రోజూ సాయంత్రం స్కూల్ గేటు దగ్గర నిలబడి, వీధి చివరిదాకా వినిపించేలా "ఏమే నల్లపిల్లా, ఇటు రా!" అని పిలుస్తుంది. తెల్లబడతావే అని ఏదో క్రీము ట్యూబు కూడా కొనిపెట్టింది. మేమంతా ఏళ్ళుగా వింటున్నాం. ఎవరి చెవికీ ఎక్కలేదు.

"నేను ముద్దుగా అన్నానే!" అంది అమ్మ.

"టీచర్ కూడా నవ్వుతూనే అంది," అంది పాప.

అమ్మ దిగ్గున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. మా అమ్మ మా నాన్నకు కూడా ఎన్నడూ తప్పయిందని చెప్పిన మనిషి కాదు. తప్పు ఆయనదే అని ఆయనతోనే ఒప్పించేది. అలాంటిది చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాప ముందు కింద కూర్చుంది.

"తప్పయింది తల్లీ. నోరు జారానని కూడా అనలేను, పొద్దస్తమానం అన్నాను. నీకు నొప్పి పుడుతుందని నాకు తట్టలేదు. ఇంకెప్పుడూ అనను."

పాప అచ్చం వాళ్ళమ్మ కూతురు. "ఎప్పటినుంచి అండీ?" అని అడిగింది.

"ఈ క్షణం నుంచి అండీ!" అంది మా అమ్మ. ట్యూబు చెత్తబుట్టలో పడింది. నవ్వుతూనే ఉన్నాం కానీ, నా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అన్నన్ని సార్లు విని నేనేం చేశానని నాకు సిగ్గేసింది.

అక్క ఉత్తరంలో ఇంకో పేరా కలిపింది. మన గుట్టు మనమే బయటపెట్టుకోవడం ఏమిటని బావ లబోదిబోమన్నాడు. "వాళ్ళు అడిగాక చెప్తే సాకు. అడక్కముందే చెప్తే నిజం," అంది అక్క.

స్కూల్ ఆఫీసులో గుమాస్తా "కాగితాలెందుకమ్మా, నోటితో చెప్పి వెళ్ళండి, మేడమ్‌తో చెప్తాలే" అన్నాడు. అక్క "అర్థమైందండీ" అని అక్కడే నిలబడింది. ఆయన మళ్ళీ చెప్పాడు. "చాలా సంతోషమండీ" అని అక్కడే నిలబడింది. ఆ మర్యాద భరించలేక పాపం ఆయన నకలు కాగితం మీద 'అందినది' అని ముద్ర గుద్ది ఇచ్చాడు.

ప్రిన్సిపాల్ కబురు పెట్టింది. అక్కతో నేను వెళ్ళాను. వద్దంటే వినకుండా అమ్మ కూడా బయలుదేరింది. ప్రిన్సిపాల్ మేం కూర్చునేదాకా ఆగి, టీచర్‌ను పిలిపించింది. టీచర్ అప్పటికే ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"సరదాకి అన్నాను మేడమ్. పిల్లలందరితో అలాగే ఉంటాను. అసలు వాళ్ళ అమ్మమ్మగారే గేటు దగ్గర రోజూ నల్లపిల్లా అని పిలుస్తారు. ఇంట్లోవాళ్ళు అంటే రాని నొప్పి, నేనంటే వచ్చిందా?"

ప్రిన్సిపాల్ ఏమీ అనకుండా ఉత్తరం రెండో పేజీ తిప్పి, టీచర్ చేతికిచ్చింది. "ఆఖరి పేరా మీరే పైకి చదవండి."

టీచర్ చదివింది. "ఈ మాట మా ఇంట్లో కూడా అన్నాం. ముద్దు అనుకున్నాం. పాపకు నొప్పి కలిగిందని ఈ ఉత్తరం రాస్తున్నప్పుడే తెలిసింది. మా ఇంటి పెద్దావిడ పాపకు క్షమాపణ చెప్పారు. అన్నది ఎవరైనా పాపకు నొప్పి ఒకటే కాబట్టి, మేం చేసిన పనే మిమ్మల్నీ చెయ్యమని అడుగుతున్నాం." చివరికొచ్చేసరికి గొంతు బాగా తగ్గిపోయింది.

"ఆ పెద్దావిడ నేనేనమ్మా," అంది మా అమ్మ. "చెప్పేముందు చచ్చేంత కష్టంగా ఉంటుంది. చెప్పేశాక అన్నం సహిస్తుంది."

టీచర్ కాగితం మడిచి ప్రిన్సిపాల్‌కు తిరిగిచ్చింది. తర్వాత, "రేపు క్లాసులో చెప్తాను," అంది.

ప్రిన్సిపాల్ అంతటితో వదల్లేదు. పిల్లల రంగూ రూపూ ఎత్తి మాట్లాడకూడదని టీచర్లందరితో సమావేశం పెడతానంది. వార్షికోత్సవం దాకా రిహార్సల్స్‌లో తనూ కూర్చుంటానంది. వరుసలు ఎత్తునుబట్టి పెడతామంది, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. అదంతా రాసిచ్చింది కూడా.

మర్నాడు పాప సంచీ విసిరేసి చెప్పింది. "టీచర్ నిలబడి చెప్పింది. నేనన్నది తప్పు, ఆ పాపకి క్షమాపణ చెప్తున్నాను అంది. ఎవరూ నవ్వలేదు. మొదటి చరణం నాదే. మైకు నా దగ్గరే. నేను వెనక వరుస!"

"వెనక వరుసా!" బావ గాండ్రించాడు. "కాగితం తే! మళ్ళీ రాద్దాం!"

"అబ్బా నాన్నా, నేను పొడుగు! క్లాసులో అందరికన్నా పొడుగు! స్కేలు పెట్టి కొలిచారు!" అని పాప మునివేళ్ళమీద లేచి నిలబడింది. ఆ సాయంత్రం స్నానాలగదిలోంచి పాట వినపడింది. సబ్బు మాత్రం అరగలేదు.

వార్షికోత్సవం రోజు హాలు కిక్కిరిసి ఉంది. తెర లేచింది. వెనక వరుసలో అందరికన్నా ఎత్తుగా మా పిల్ల. మా అమ్మ ఆగలేక లేచి నిలబడి, అలవాటు కొద్దీ "ఏమే న..." అని నోరు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత హాలంతా అదిరేలా "ఏమే నా పొడుగుపిల్లా!" అని అరిచింది. పాప మైకు చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఊపి, చరణం ఎత్తుకుంది.

నేను అక్క వైపు తిరిగాను. చెంపల మీద ధారలు కారుతున్నాయి.

"ఏమైందే?" అన్నాను.

"ఏ ఇబ్బందీ లేదండీ," అంది మా అక్క.