ఎడమపక్క ఖాళీ

ఎంత మంచి డిజైనైనా సరే, అందులో ఒక తప్పు పట్టుకోనిదే శేషారత్నానికి అన్నం సయించదు. పాతికేళ్లు ఫిల్మ్‌నగర్‌లో సినిమా పోస్టర్లకు అక్షరాలు రాసిన చెయ్యి ఆవిడది. కంప్యూటర్లొచ్చి చేతిరాత మూలపడ్డాక అదే సందులో ఒక గది తీసుకుని శుభలేఖలూ విజిటింగ్ కార్డులూ చేస్తోంది. "మీ ఇష్టం" అన్న మాట ఆవిడ నోట విన్న పార్టీ ఇంతవరకూ లేదు.

తన విజిటింగ్ కార్డు కోసం వచ్చిన బోరబండ సుహాస్ కూడా వినలేదు. పదేళ్లు ఎవరెవరివో కెమెరాలు మోసి, నాలుగేళ్లుగా సొంతంగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాడు. "జూబ్లీహిల్స్ పార్టీలు కార్డు చేతిల పట్టుకోంగనే మనిషిని తూకమేస్తరు మేడం. జర రిచ్‌గ ఉండాలె" అన్నాడు. నల్ల కార్డు మీద బంగారు రేకుతో తన వెబ్‌సైటు క్యూఆర్ కోడ్ కావాలని పట్టుబట్టాడు. వద్దంటే వింటేగా! తీరా నమూనా వచ్చాక కిటికీ దగ్గరా, ట్యూబులైటు కిందా, మెట్ల మీదా ఫోను పెట్టి చూశాడు. ఎక్కడా ఫోను కోడ్‌ని పట్టలేదు.

"రేకు మెరుస్తుంటే కెమెరాకి గడులెలా కనబడతాయి? పైగా నల్లటి దానిమీద లేతరంగు కోడ్ కొన్ని ఫోన్లు అసలు చదవవు. చెప్తే విన్నావా బాబూ?"

"తప్పయింది మేడం. మీరెట్లంటె గట్లనే."

అప్పుడు తన పద్ధతిలో చేసింది. దళసరి నూలు కాగితం, పాలతెలుపు. పేరు సిరా అద్దకుండా లోపలికి నొక్కి, వేలికి తగిలేలా. బంగారం అంచుకి మాత్రమే. వెనకవైపు నల్లసిరాతో రెండు సెంటీమీటర్ల కోడ్, చుట్టూ తెల్లటి జాగా, ఇంకేమీ లేదు. ముందుగా ఆ కోడ్‌ని అదే సైజులో మామూలు కాగితం మీద ప్రింటు తీసి, ఫోను పెట్టి చూసింది. సుహాస్ వెబ్‌సైటు ఆ పొద్దున్నే మొదలైంది, ఆవిడ దాన్ని ఇంకా చూడలేదు.

టక్కున తెరుచుకుంది. తెరమీద ప్రణతి.

బాసికం, బుగ్గన చుక్క, జుట్టునిండా తలంబ్రాలు. శేషారత్నం కూతురు ప్రణతి. పెళ్లయిన ఏడాదికే డెంగ్యూతో ఆరురోజుల్లో పోయింది. తల్లి ఆస్పత్రికి వెళ్లేసరికి పిల్లకి మాటలేదు. ఆ పెళ్లికూతురి ముస్తాబు తల్లి చూడటం ఇదే మొదలు.

అయినా పరీక్ష మధ్యలో ఆపడం ఆవిడకు తెలీదు. పాత ఫోనుతో చూసింది, వచ్చింది. సుహాస్ ఫోనుతో చూసింది, మళ్లీ వచ్చింది. కూతురు పోయాక ఈ రెండేళ్లుగా మెట్లమీద చప్పుడైతే చాలు ప్రణతేనేమో అని తలెత్తే మనిషి. ఇప్పుడు ఐదువందల కార్డులు తానే అచ్చువేసి ఊరిమీదకి పంపాలి. ఏ కార్డు తిప్పినా ఈ పిల్లే లేచొస్తుంది. భయమేసింది, కోపమొచ్చింది, ఆ ఫోటో కనబడకుండా పోతే బాగుండుననిపించింది.

అదేమీ పైకి తెలియకుండా ఉండాలంటే తప్పు పట్టడమొక్కటే దారి.

"ఫోటో బాలేదు. ఎడమపక్క అంతా ఖాళీ. పెళ్లికూతురు అటే చూస్తోంది, అక్కడ ఏమీ లేదు. ఫోన్లో నిలువుగా కనబడాలి కాబట్టి ఆ పక్క కోసెయ్. లేదా వేరే ఫోటో పెట్టు. లింకు మారదు, కార్డుకేం ఇబ్బంది లేదు."

సుహాస్ నొచ్చుకున్నాడు. "వేరేది పెట్టమంటె పెడత. గనీ దీన్ని మాత్రం కొయ్య మేడం. ఆ జాగ ఆమెనే ఇడ్వమన్నది."

"ఎవరు?"

"పెళ్లికూతురు. ఫ్యామిలీ ఫోటోకి అందరు నిలవడ్డరు. 'అన్నా, ఈ పక్క కొంచెం చోటు వదిలి తియ్యండి. మా అమ్మ రానంది, కానీ వస్తుంది, వస్తే ఇక్కడ నిలబడుతుంది' అన్నది. తలంబ్రాలప్పుడు సుత గేటు దిక్కే చూస్కుంట కూసున్నది. అందుకే ప్రతి ఫోటోల ఆ పక్క ఇడిశిపెట్టిన. ఆమె రాలే."

శేషారత్నం ఫోను బల్లమీద పెట్టి, మళ్లీ తీసుకుంది.

"కొయ్యకు. ఇదే ఉండనీ" అంది. తెరమీది ఖాళీ మీద వేలు పెట్టి, "ఆ అమ్మని నేనే" అంది.

సుహాస్ లేచి నిలబడ్డాడు. "గంత ఎదురుచూసింది మేడం... మరెందుకు రాలే మీరు?" అన్నాడు.

"కులం వేరని. ఇంకో కారణం వెతికాను నాయనా, దొరకలేదు."

"ఆ రోజు ఏడ ఉన్నరు?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే. ఎవరి కూతురిదో శుభలేఖ చేస్తున్నాను."