నడుమ వాన, మూలన ఎండ

బెళుగుప్పలో మా ఇంటినుంచే నా ఉద్యోగం. ఒక కంపెనీ వెబ్‌సైటూ, దాని కంప్యూటర్ యాపూ జర్మనీలో ఉన్నవాళ్ళకు ఎలా కనబడతాయో పరీక్షించాలి. అందుకే నేను జర్మనీలో ఉన్నట్టు చూపే వీపీఎన్ ఎక్స్‌టెన్షన్‌ను బ్రౌజర్‌లో పెట్టుకున్నాను. వెబ్‌సైట్ బుద్ధిగా యూరోల్లో ధరలు చూపింది. యాప్ మాత్రం రూపాయలను వదల్లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళను పొద్దుటినుంచీ తిట్టిపోస్తున్నాను.

వేరుశనగ విత్తడానికి వాన కోసం చూస్తున్న నాయన వచ్చి, వాతావరణం చూడమన్నాడు. బ్రౌజర్‌లో తెరిచాను. జోరువాన! ఆయన ముఖం వెలిగింది. అంతలోనే తెర కింది మూలకు ఆయన చూపు పోయింది. ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊరు పసిగట్టే బుల్లి వాతావరణం బొమ్మ అక్కడుంటుంది. అందులో అనంతపురం, మండే ఎండ.

"ఏమప్పా, ఒకే కంప్యూటరు నడుమ వాన అంటాది, మూలకు ఎండ అంటాది?"

అప్పుడు తట్టింది. ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లోంచి పోయేదాన్నే జర్మనీ మీదుగా తిప్పుతోంది; అందులో కనబడిన వాన అక్కడిది. మూలనున్న బొమ్మా, నేను తిట్టిన యాపూ ఎప్పటిలా మన దారినే పోతున్నాయి.

"డ్రిప్పు పైపు ఒక్క సాలుకే వేసినాను నాయనా," అన్నాను.

కంప్యూటర్ మొత్తానికీ పనిచేసే వీపీఎన్ యాప్ వేసి, అన్నిటినీ మళ్ళీ తెరిచాను. యాప్ యూరోల్లోకి మారింది. కాసేపటికి మూలన కూడా చినుకులు పడ్డాయి. నా ప్రాణం కుదుటపడింది.

నాయన కిటికీలోంచి మబ్బు తునకైనా లేని ఆకాశం చూసి నవ్వినాడు.

"బాగుండాది. ఇప్పుడు రెండూ కలిసి ఒకే అబద్ధం చెప్తాండాయి."