రెండు ముక్కల ఐత్వం

నాతోని వాదం పెట్టుకునేటోళ్లు సద్ది కట్టుకొని రావాలె అంటడు మా ఇంటాయన. అబద్ధమేం గాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు కండ్ల ముంగట ఆడుతున్నా ఒప్పుకోను. ఆ బుద్ధి వల్ల నాకు జరిగిన మంచి ఎంతో, చెడు ఎంతో తెల్వదు గని, ఈ ముచ్చట్ల మాత్రం రెండూ జరిగినయి.

శంషాబాద్ బజార్ల పెండ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సుల పదేండ్లు టైపు కొట్టిన. ఆ తర్వాత, చుట్టుపక్కల ఊర్ల పాత జనన రిజిష్టర్లను కంప్యూటర్లకు ఎక్కించే చోట చేరిన. ఎక్కించుడు అయిపోయినంక నన్ను కిటికీ కాడ కూసోబెట్టిండ్రు. ఎవరన్న వచ్చి పుట్టిన సర్టిఫికెట్ అడిగితే వాళ్ల అమ్మ పేరు, నాయిన పేరు, పుట్టిన ఏడాది కొట్టాలె. దొరికితే కాగితం తీసియ్యాలె. దొరకకుంటే లేదని చెప్పాలె. లేదని చెప్పుడు మొదట్ల కష్టమనిపిస్తుండె. అలవాటయినంక నోరు దానంతట అదే అంటుండె.

ఒక మంగళారం నాడు కొత్వాల్‌గూడ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఏండ్లుంటయేమో. ఎయిర్‌పోర్టు కాడ సరుకు ప్యాకింగ్ చేసే కంపెనీల నౌకరి ఒచ్చిందట. ఆధార్ల ఒక తారీకు, పదో తరగతి మెమోల ఇంకో తారీకు ఉన్నది. అసలుది ఏదో తేలాలంటే పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నరట, శనివారం లోపల. తేకుంటే ఆ నౌకరి వేరేటోళ్లకు పోతది.

"నీకు ఎరుక లేదా నువ్వెప్పుడు పుట్టినవో?" అని అడిగిన.

"అమ్మ చచ్చిపోయింది అక్కా. నాయినను అడిగితే వానలు పడుతుండె అంటడు" అన్నది.

నవ్వు ఆపుకొని పేర్లు కొట్టిన. వాళ్లమ్మ పేరుల మొదటి అక్షరం 'మై'. రికార్డు లేదని వచ్చింది. మళ్ల కొట్టిన, లేదు. "లేదమ్మా" అన్న. ఆ పిల్ల కదలలేదు.

"లేకుంటే నేను యాడ పుట్టిన అక్కా?"

వెనుక లైను పెరుగుతున్నది. కోపమొచ్చింది నాకు, పిల్ల మీదనో కంప్యూటర్ మీదనో తెల్వదు. ఆ ఊరిది ఆ ఏడాది లిస్టు మొత్తం తెరిచి, సెర్చ్ ఇడిచిపెట్టి, కండ్లతోని చూసుకుంట కిందికి దిగిన. ఆగస్టు కాడికి వచ్చేసరికి ఉన్నది! వాళ్ల నాయిన పేరు, వాళ్లమ్మ పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండ. సెర్చ్‌ల లేదంటున్నది, లిస్టుల ఉన్నది. ఇదేం చోద్యమని లిస్టుల పేరును కాపీ చేసి సెర్చ్‌ల పెడితే ఠక్కున దొరికింది. కాగితం తీసిచ్చిన. ఆ పిల్ల రెండు చేతులతోని పట్టుకొని పోయింది. లైనుల ఉన్నోళ్లు తొందర పెడుతుండ్రు, నేను గూడ అంతటితోని ఊకున్న.

తెల్లారి అదే పిల్ల మళ్ల వచ్చింది. మొఖం వాడిపోయింది.

"కంపెనీ సారు దొంగ సర్టిఫికెట్ అంటుండు అక్కా. మీ ఆఫీసు వెబ్‌సైట్ల నంబరు, అమ్మ పేరు కొడితే లేదంటున్నదట. యాడ చేయించినవని అందరి ముంగట అడిగిండు."

నా ఒళ్లు మండింది. నా చేతులతోని ఇచ్చిన కాగితం దొంగదట! కంపెనీ ఆయన గూడ వాళ్లమ్మ పేరును కీబోర్డు మీద కొట్టి ఉంటడు, నా లెక్కనే. కాపీ చేసి పెడితే దొరుకుతది, చేతితోని కొడితే దొరకది. కిటికీ మూసి, రెండు పేర్లను ఒకదాని కింద ఒకటి పెట్టుకున్న. మీదిది లిస్టుల నుంచి తెచ్చింది, కిందిది నేను కొట్టింది. ఎంత చూసినా ఒకటే. ఊకెనే, చేతికి పని ఉండాలని, కింది పేరుల 'మై' పక్కకు పోయి చెరిపే మీట ఒక్కసారి ఒత్తిన. ఐత్వం మొత్తం పోయి 'మ' మిగిలింది. మీది పేరుల గూడ గట్లనే ఒత్తిన. 'మె' మిగిలింది! కింది తోక ఒక్కటే పోయి, పైన ఎత్వం అట్లనే ఉన్నది.

ఓరి నీ పాడుగాను! రెండు ముక్కలున్నయి దాంట్ల.

సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన ఆయనకు ఫోన్ కొట్టిన. గోదావరి వైపు మనిషి, మర్యాద ఎక్కువ.

"డేటా సరిగ్గానే ఉందండీ. మీరు పేరు తప్పు కొడుతున్నారేమో, ఒకసారి చూసుకోండి."

"ఇరవై ఏండ్ల సంది టైపు కొడుతున్న సార్. నాకు చెప్తరా?"

"అబ్బే, అలా అని కాదండీ. వచ్చే నెల అప్‌డేట్‌లో చూద్దాం."

వచ్చే నెల! శనివారానికి మూడు రోజులే ఉన్నయి. బేస్తారం నాడు సెలవు పెట్టి, టిఫిన్ డబ్బా సంచిల ఏసుకొని, బస్సెక్కి ఆరాంఘర్ కాడ ఆయన ఆఫీసుకు పోయిన. నన్ను చూసి పరేషాన్ అయిండు. కుర్చీ గుంజుకొని పక్కకే కూసున్న. "తాడో పేడో తేలినంకనే లేస్త" అని చెప్పిన.

రెండు పేర్లను ఆయన కంప్యూటర్ల పెట్టి, తోక ఊడిపోవుడు చూపించిన. ఆయన కుర్చీ ముంగటికి జరుపుకున్నడు. ఏదో తెరిచి, ఒక్కో అక్షరం వెనుక ఉన్న నంబర్లు చూసిండు.

"మీరు కొట్టిన ఐత్వానికి ఒకటే నంబరు ఉందండీ. రికార్డులో ఉన్నదానికి రెండు. ఎత్వానిది ఒకటి, కింద తోకది ఒకటి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ సెర్చ్ బొమ్మను చూడదు కదా, నంబర్లనే పోలుస్తుంది."

"మరి ఏది తప్పు?"

"ఏదీ తప్పు కాదండీ. రెండు రాతలూ సమానమేనని యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకటే ఉండే ఈ నంబర్ల పద్ధతిలో, నియమమే ఉంది. పోల్చే ముందు అన్నింటినీ ఒకే రూపంలోకి మార్చుకోవాలి. నార్మలైజేషన్ అంటారు. అది మనం చెయ్యలేదు."

గప్పుడు నాకు ఎలిగింది. ప్రెస్సుల పాత ఫాంటుల మేము అక్షరాన్ని ముక్కలు ముక్కలుగ కట్టేది. ఐత్వమంటే పైన ఎత్వం ముక్క ఒకటి, కింద తోక ముక్క ఒకటి. రిజిష్టర్లు గూడ ఆ ఫాంటులనే కొట్టినం. తర్వాత యూనికోడ్‌లకు మార్చేటప్పుడు, ఏ ముక్కకు ఏ అక్షరం పెట్టాలో ఒక పట్టిక రాసియ్యమన్నరు. ఆ పట్టిక రాసింది నేనే. తోక ముక్క కాడికి వచ్చి, యూనికోడ్ అక్షరాలల్ల ఎతికితే అచ్చం అసొంటి తోకే దొరికింది. ఎంత సంబురపడ్డనో! దాన్నే పెట్టిన. రెండు ముక్కలు పక్కపక్కన పడ్డప్పుడు ఒక్క ఐత్వం చేయాలని నాకు తట్టలే. ముక్కలతోని బతికినోళ్లకు ముక్కలే కనిపిస్తయి. తర్వాత తప్పులు దిద్దుడు గూడ ప్రెస్సు పద్ధతిలనే చేసినం. కాగితం మీద అచ్చు తీసి, ఒకలు పైకి సదువుడు, ఒకలు రిజిష్టర్ల టిక్కు పెట్టుడు. కాగితం మీద ఒక ముక్కేందో రెండు ముక్కలేందో ఎవలకు కనిపిస్తది? అన్నిటికి టిక్కులు పడ్డయి.

"ఆ తోకను గట్ల రాసిచ్చింది నేనే సార్" అని ఒప్పుకున్న. ఒప్పుకునుడు నాకు మస్తు కష్టం.

"రెండు ముక్కలైనా అది ఐత్వమేనండీ. ఒకటిగా చూడకపోవడం మా సెర్చ్ తప్పు" అన్నడు ఆయన. మంచి మనిషి. గని మళ్ల వచ్చే నెల పాట అందుకోబోయిండు. నేను డబ్బా తీసి, అక్కడనే అన్నం తినుడు మొదలు పెట్టిన.

"ఆ పిల్లను దొంగ అన్నరు సార్. వచ్చే నెల వచ్చేసరికి ఆ నౌకరి ఉంటదా?"

ఆయన నా డబ్బా దిక్కు చూసి, నా మొఖం చూసి, నిట్టూర్చిండు. పాత రికార్డులకు ముందుగాల ఒక నకలు తీసి పెట్టుకోవాలె, తర్వాత అన్నిటిని ఒక్క రూపానికి మార్చాలె, సెర్చ్‌ల కొట్టే పేరును గూడ పోల్చే ముందు గట్లనే మార్చాలె. రేపు సాయంత్రానికి చేస్త అన్నడు. "చేసినంక ఫోన్ చేయండి, నేను చేతితోని కొట్టి చూస్త" అని చెప్పి లేసిన.

శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆ పిల్లను పిలిపించి పక్కకు నిలబెట్టుకున్న. ఆగమాగంల ఏడాది పెట్టుడు మర్చిపోయి, అమ్మ పేరు, నాయిన పేరు మాత్రమే కొట్టిన.

రెండు వరుసలు వచ్చినయి.

"ఇది నేనే!" అని ఎగిరినంత పని చేసింది పిల్ల. అక్కడనే కంపెనీకి ఫోన్ చేసింది. ఆ సారు గూడ కొట్టి చూసుకొని, సరే, సోమవారం డ్యూటీల చేరు అన్నడు. నాకు కడుపు నిండింది. కాగితాలు సర్దుకుంట, "ఇంకొకటి ఎవలది?" అని అడిగిన.

"మా అక్కది. రెండేండ్ల కింద ఇదే కంపెనీల ఆమెకు గూడ వచ్చింది నౌకరి. ఈడికే వచ్చింది. లేదన్నరట."

రెండేండ్ల సంది ఆ కిటికీ కాడ నేను తప్ప ఎవలు కూసోలే.

ఆ మొఖం యాది చేసుకుందామని చూసిన. రాలేదు. ఎంతమందికి చెప్పిన, ఎవల మొఖమని గుర్తుంటది? సిగ్గయింది నాకు, శానా సిగ్గయింది. పోస్టుల పంపుత, ఫోన్ల చెప్త అని మనసు సాకులు ఎతికింది. ఉహూ. నా నోటితోని లేదన్న, నా నోటితోనే ఉన్నదని చెప్పాలె.

ఆదివారం పొద్దున వాళ్లక్క కాగితం తీసుకొని తుక్కుగూడ పోయిన. అక్కడ ఒక ఫంక్షన్ హాల్ల గిన్నెలు కడుగుతదట. వెనుక దిక్కు, మనిషి ఎత్తున్న గంగాళాల నడుమ కూసొని తోముతున్నది. ఎవలనో చెప్పి, తోక ముచ్చట చెప్పి, పట్టిక రాసింది నేనే, లేదన్నది నేనే అని చెప్పి, కాగితం చేతుల పెట్టిన. తిడితే పడుదామని నిలబడ్డ.

ఆమె తిట్టలే. చేతులు కొంగుకు తుడుచుకొని, కాగితం మొత్తం నిదానంగ సదివింది. మళ్ల మొదటి నుంచి సదివింది.

"మా నాయిన రాయించిననే అన్నడు అక్కా" అన్నది. "పంచాయితి కాడికి నడిచిపోయి రాయించిన బిడ్డా అని ఎన్నిసార్లు అన్నడో. అబద్ధం ఆడుతున్నవ్, కంప్యూటర్ల లేదన్నరు అని తిట్టిన. రెండేండ్లయింది, ఆయనతోని మాట్లాడక."

ఆమె లేసి, గంగాళాలు అట్లనే ఇడిచిపెట్టి, చెప్పులేసుకున్నది. వాళ్ల నాయిన ఉండే కొత్వాల్‌గూడకు ఆటో మాట్లాడినం. ఆమెతోని నేను గూడ ఎక్కిన.