బంతి గాల్లో ఉండగా

మైకక్కని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి! అమ్మాయిల క్రికెట్ లీగ్‌లో ఆవిడ తెలుగు కామెంటరీ చెబుతుంటే జనం కుర్చీల అంచుకి జరిగిపోతారు. "వెనక్కి పరిగెత్తి, గాల్లోకి ఎగిరి, ఒంటిచేత్తో..." అని సాగదీస్తుంది. అందరూ ఊపిరి బిగబట్టేస్తారు. బంతి చేతిలో పడితే "పట్టేసింది!", జారితే "వదిలేసింది!" క్రియ ఎలాగూ చివర్లోనే కదా, బంతి సంగతి తేలేదాకా ఆవిడకి తొందరే లేదు.

ఈసారి ఇంగ్లిష్ కామెంటరీకి మనిషి కావాల్సి వచ్చి, లీగ్ వాళ్లు మైకక్కనే అడిగారు. ఒక్క మ్యాచ్ చెప్పి చూపించాలి. నెగ్గితే సీజనంతా ఆ కుర్చీ ఆవిడదే! ఇంగ్లిష్ రాదా అంటే, నవలలు నమిలేసే మనిషి. కానీ ఇంట్లో పాత మ్యాచ్ వీడియో పెట్టుకుని మొదలెట్టగానే "షి... ద బాల్... బౌండరీ..." అని ఆగిపోయింది. 'షి' అన్నాక వెంటనే క్రియ పడాలి. బంతేమో ఇంకా గాల్లోనే ఉంది! తెగించి "క్యాచెస్!" అనేసింది. తెర మీద బంతి నేలపాలు.

పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న ఆడపడుచు, ఇంగ్లిష్ టీచర్, పడీ పడీ నవ్వింది.

"వదినా, రైలు పెట్టెలన్నీ వరసగా పెట్టి ఆఖర్న ఇంజన్ తగిలిస్తున్నావు."

"మన బండి అంతే కదమ్మా!"

"ఇక్కడ పెట్టెకో ఇంజన్. పరిగెత్తిందా? షి రన్స్. అయిపోయింది. ఎగిరిందా? షి జంప్స్. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పో. జరగనిదానికి నీకెందుకు ఆత్రం?"

"అబ్బో! ఇన్నేళ్లకి ఓ పనికొచ్చే మాటన్నావే!"

"ఊరికే కాదులే, వారం పాటు గిన్నెలు నువ్వే తోమాలి."

ఆ సాయంత్రం ఆడపడుచు టమాటాలు విసరడం, మైకక్క కామెంటరీ చెప్పడం! రెండు టమాటాలు గోడకి అంటుకున్నాయి గానీ నాలుక మాత్రం దారిలో పడింది.

మ్యాచ్ రోజు. ఆఖరి బంతి. సిక్స్ కొడితేనే గెలుపు.

"షి హిట్స్! ఇట్ గోస్ హై! ద ఫీల్డర్ రన్స్! షి డైవ్స్!"

అబ్బ, ముక్క ముక్కా టపటపా పేలుతోంది! బంతి వేళ్ల కొసలకి తగిలింది, ఎగిరింది, మళ్లీ...

"పట్టేసిందీ!"

అంతే. కామెంటరీ బాక్సులో ఉన్నవాళ్లంతా గిరుక్కున ఆవిడ వైపు తిరిగారు. మైకక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోయింది కుర్చీ!

ప్రొడ్యూసర్ హెడ్‌ఫోన్ తీశాడు. "మేడమ్, అదరగొట్టేశారు. కుర్చీ మీదే. కాకపోతే హైలైట్స్ కోసం ఆ ఒక్క మాట ఇంగ్లిష్‌లో చెప్పండి, అతికించేస్తాం."

మైకక్క మైకు దాకా వంగింది. మళ్లీ వెనక్కి వాలింది.

"వద్దు సార్. ఆ క్యాచ్ తెలుగులోనే పడింది. ఉండనివ్వండి."

ఆయన బుర్ర గోక్కుని, నవ్వి, అలాగే వదిలేశాడు.

మీరైతే ఏం చేసేవాళ్లు? ఆ మాట మార్చేసేవాళ్లా?