రెచ్చగొట్టకుండానే మండే పెట్రోలు

పెయింటు ఫ్యాక్టరీలో కిరసనాయిలు, థిన్నరు డ్రమ్ములుండే స్టోరు చూసే ఆవిడని అందరూ స్టోరక్క అనేవాళ్లు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్క అనే పిలిచేవాళ్లు, ఎందుకంటే తాళాలు ఆవిడ దగ్గరుండేవి. సేఫ్టీ సూపర్‌వైజరు పరీక్ష ఆవిడ రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఇక రాయనివ్వరు. అప్పుడు రిటైరయ్యేదాకా స్టోరు గుమ్మం దగ్గర ఆ కాలు ఊగే స్టూలే గతి. పైగా ఎవడో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు సూపర్‌వైజరై వచ్చి, "డ్రమ్ములు సరిగ్గా పెట్టుకోవాలక్కా" అని బోధిస్తాడు. ఆ బోధ తలచుకుంటేనే ఆవిడకి ఒళ్లు మండేది.

మొదటి రెండుసార్లూ ఒక్కతే చదివింది. చదివింది అనడం కంటే పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది అనడం నిజం. "నువ్వు పుస్తకానికి జోల పాడుతున్నావా, అది నీకు పాడుతోందా?" అనేవాడు మొగుడు. ఆయన బస్సు కండక్టరు, రోజంతా జనంతో వాదించి వచ్చినా ఇంట్లో వాదనకి ఇంకా ఓపిక మిగిలే ఉండేది. అందుకని ఈసారి నలుగురితో కలిసి చదవాలని తీర్మానించుకుంది. నలుగురూ కలిసి చదవడం గురించి పెద్దలు చాలా గొప్పగా చెబుతారు. నిజమే, గొప్ప సౌకర్యం. ఒక్కరు తప్పు చేస్తే చాలు, నలుగురికీ సరిపోతుంది.

ఆ మిగతా ముగ్గురిలో మొదటివాడు డిస్పాచి గుమాస్తా. ప్రతి మాటకీ అర్థం చెప్పందే ఊరుకోడు కాబట్టి డిక్షనరీ అనేవాళ్లు. రెండోవాడు వెల్డరు, నోట్లో పని తగ్గితే చేతిలో పని పెరుగుతుందని అందరూ అంటారుగానీ రెండూ సమానంగా నడిపేవాడు. మూడోది లాబు పిల్ల, కొత్తగా చేరింది, దేన్నయినా పద్ధతిగా రాసుకునే రకం.

ఫ్యాక్టరీ లైబ్రరీలో పుస్తకం ఒక్కటే ఉంది, ఇటుకలా ఉంది. అందుకని అధ్యాయాలు పంచుకున్నారు. ఎవరి అధ్యాయానికి వాళ్లు నోట్సు రాయాలి, స్టోరక్క గుండ్రటి అక్షరాలతో సాపు రాయాలి, దాన్ని జిరాక్సు తీసి అందరూ బట్టీ పట్టాలి. నిర్వచనాల అధ్యాయం డిక్షనరీ తన హక్కుగా లాక్కున్నాడు. పరీక్షా పద్ధతుల అధ్యాయం లాబు పిల్లకి వెళ్లింది.

పుస్తకంలో ఒక పేజీ అడుగున 'ఫ్లాష్ పాయింట్' అన్న శీర్షిక ఉంది. దాని వివరణ కింద రెండు పంక్తులే పట్టి, మిగతాది పేజీ తిప్పాక పైన ఉంది. ఆ వెంటనే 'ఆటో ఇగ్నిషన్', అంటే దానంతటదే అంటుకోవడం, అని ఇంకో శీర్షిక, దాని వివరణ. డిక్షనరీ శీర్షిక రాసుకుని, టీ కోసం లేచి, తిరిగొచ్చి పేజీ తిప్పి, కంటికి తగిలిన ఆటో ఇగ్నిషన్ వివరణ ఎక్కించేశాడు. తల ఒకరిది, మొండెం ఇంకొకరిది. పైగా ఆయన ఉత్త నిర్వచనంతో తృప్తిపడే మనిషి కాదు, సొంత మెరుపు ఒకటి తగిలించాడు: "ఫ్లాష్ పాయింట్ అనగా ఒక ద్రవం నిప్పు తాకకుండా దానంతటదే అంటుకునే అతి తక్కువ ఉష్ణోగ్రత. అంటే ఎవరూ రెచ్చగొట్టకుండానే మండిపడే స్వభావం."

ఆ చివరి వాక్యం అందరికీ తెగ నచ్చింది. మా అత్తగారి స్వభావం ఇదేనని వెల్డరు అన్నాడు. ఇక ఆ నిర్వచనాన్ని ఎవరు మర్చిపోతారు?

అనుమానం రాలేదని కాదు. వచ్చింది, మర్యాదగా కూర్చోబెట్టి సాగనంపారు.

"అన్నా, పెట్రోలుకి ఫ్లాష్ పాయింట్ మైనస్ నలభై మూడు అని పట్టికలో ఉంది. అంటే మంచుగడ్డ కంటే చల్లగా ఉన్నా అదే అంటుకుంటుందా? మరి నా బండి ఇంకా బూడిద కాలేదేం?" అన్నాడు వెల్డరు.

డిక్షనరీ కళ్లజోడు సర్దుకున్నాడు. "ట్యాంకుకి మూత ఉంటుంది కదరా. గాలి ఆడందే మంట ఎక్కడిది?"

"మూత తీసి పోయించుకునేటప్పుడో?"

"అప్పుడు బంకువాళ్లు బండి ఆపమంటారా, లేదా? ఎందుకంటావ్ మరి?"

వెల్డరు సరేనన్నట్టు తలూపాడు. జవాబు దొరికిందని కాదు, ఎదురు ప్రశ్న అంత ధీమాగా వచ్చింది. స్టోరక్కకీ ఒక సందేహం ఉంది. కిరసనాయిలుకి ముప్పై ఎనిమిది అని ఉంది. ఎండాకాలంలో తన స్టోరు అంతకంటే వేడెక్కుతుంది, డ్రమ్ములు మాత్రం బుద్ధిగా కూర్చుంటాయి. అడిగితే, "కంపెనీవాళ్లు ఏదో కలుపుతార్లే అక్కా" అన్నాడు డిక్షనరీ. సరే కాబోలు అనుకుంది. రెండుసార్లు తప్పినవాళ్లకి తమ తెలివి మీద కంటే ఎదుటివాడి గొంతు మీద నమ్మకం ఎక్కువ.

తర్వాత డిక్షనరీ మాదిరి ప్రశ్నపత్రం తయారుచేశాడు. ప్రశ్నలు నోట్సులోంచి తీశాడు, జవాబులు నోట్సుతో దిద్దాడు. నలుగురికీ నూటికి తొంభై పైనే వచ్చాయి. "ఈసారి మనల్ని ఆపేవాడు లేడు" అన్నాడు. తప్పు తనని తాను దిద్దుకుని తనకే ఫస్టు మార్కు వేసుకుంది.

పరీక్ష రోజున మొదటి ప్రశ్నే ఫ్లాష్ పాయింట్ నిర్వచించమని. స్టోరక్క మొహం వెలిగిపోయింది. రెచ్చగొట్టడంతో సహా గుక్క తిప్పుకోకుండా రాసింది. కాస్త అవతల డిక్షనరీ కలం గుర్రంలా పరిగెడుతోంది.

నాలుగో ప్రశ్న: మూత గిన్నెతో ఫ్లాష్ పాయింట్ కొలిచే పద్ధతి వివరించండి. ఇది లాబు పిల్ల అధ్యాయం. స్టోరక్క వరసగా రాసుకుపోయింది. ఇత్తడి గిన్నెలో గీత దాకా నూనె పోయాలి. మూత బిగించి, థర్మామీటరు దించి, కలుపుతూ మెల్లగా వేడి చేయాలి. వేడి కొంచెం కొంచెం పెరిగినప్పుడల్లా కలపడం ఆపి, మూతలోని చిన్న కిటికీ తెరిచి, చిన్న మంటని లోపలికి దించి తీసేయాలి. ఎప్పుడైతే లోపలి ఆవిరి తటాలున మెరిసి...

కలం ఆగింది.

దానంతటదే అంటుకునేదాన్ని కొలవడానికి మంట దించడం దేనికి?

రెండు అధ్యాయాలూ తన చేతి రాతే. ఒకే జిరాక్సు కట్టలో వెనకా ముందూ ఉన్నాయి. ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే ఇన్నాళ్లూ తను రెండింటినీ కళ్లకద్దుకుని చదివింది. మంట దించితేనే మెరిసిందంటే, ఆ వేడి దగ్గర నూనె చేసిందల్లా అంటుకోవడానికి సరిపడా ఆవిరి ఇవ్వడమే. అంటించేది బయటి నిప్పు. అలాగైతే పెట్రోలు మైనస్‌లోనే సిద్ధం, నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంది, అంతే. బండి బూడిద కాకపోవడానికి మూత కారణం కాదు, రవ్వ లేకపోవడం. కిరసనాయిల్లో ఎవరూ ఏదీ కలపలేదు. వేసవిలో అదీ సిద్ధమే, తన స్టోరులో నిప్పు లేదు కాబట్టి ఊరుకుంది.

ఆవిడ పక్కకి చూసింది. ముగ్గురూ తలలు వంచుకుని హాయిగా మునిగిపోతున్నారు. చెప్పే దారి లేదు. మొదటి జవాబుకి వెళ్లి రెండు గీతలు కొట్టి, పక్కన రాసింది: బయటి మంట చూపితే క్షణంపాటు మెరిసేంత ఆవిరిని ద్రవం ఇచ్చే అతి తక్కువ ఉష్ణోగ్రత. తర్వాతి ప్రశ్న, ముప్పై డిగ్రీల గోడౌనులో పెట్రోలు, కిరసనాయిలు డ్రమ్ములు తెరిచి ఉంటే ఒక్క రవ్వతో దేనికి ప్రమాదం అని. నోట్సు ప్రకారమైతే పెట్రోలు ఎప్పుడో తగలబడిపోయి ఉండాలి. నవ్వు ఆపుకుని సరిగ్గా రాసింది.

ఫలితాలు వచ్చాయి. నలుగురివీ ఆపేశారు. విచారణకి రమ్మన్నారు.

"రెచ్చగొట్టకుండానే మండిపడే స్వభావం" అని పరీక్షల ఆఫీసరు నిదానంగా చదివాడు. "నా సర్వీసులో ఈ ముక్క ఏ పుస్తకంలోనూ చూడలేదు. మీ నలుగురి పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఎవరు ఎవర్ని చూసి రాశారు?"

"అది నా సొంత వాక్యమండీ" అన్నాడు డిక్షనరీ, ఆ పరిస్థితిలో కూడా కాస్త గర్వంగా.

జిరాక్సు కట్టలు చూపించారు. ఆఫీసరు తిరగేసి, ముగ్గురినీ బయట కూర్చోమన్నాడు. స్టోరక్కని ఆపాడు.

"వాళ్లది మూర్ఖత్వం, నేరం కాదు. మీ సంగతే తేలడం లేదు. అదే తప్పు రాసి కొట్టేశారు. హాల్లో ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారండీ."

"నేనా!"

"నాలుగో ప్రశ్నలో. మంట దించమన్నది మీ పరీక్షే కదండీ. దానంతటదే అంటుకునేదానికి మంట ఎందుకు?"

ఆఫీసరు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "అలాగా. కిరసనాయిలుది ముప్పై ఎనిమిది. గది ఇరవై అయిదులో ఉంది. మరి దీపం వత్తి అగ్గిపుల్లకి ఎలా వెలుగుతుంది? మీ లెక్కన వెలగకూడదే."

ఇది ఏ నోట్సులోనూ లేదు. స్టూలు కళ్లముందు ఊగింది. ఆవిడ వత్తినే ఊహించుకుంది, గదిని వదిలేసి.

"గది ఎంతుంటే ఏమిటండీ, వత్తికి పట్టిన నూనె పిసరంత. అగ్గిపుల్ల ఆ పిసరుని చిటికెలో వేడెక్కిస్తుంది, ఆవిరి వస్తుంది, అంటుకుంటుంది. డ్రమ్ము నిండా ఉన్నదాన్ని అగ్గిపుల్ల వేడెక్కించలేదు. అంటే..." ఆగింది. "అంటే నూనె తుడిచిన గుడ్డ కూడా వత్తే. స్టోరులో డ్రమ్ము పక్కనే గుడ్డల కుప్ప ఉంటోంది, దాన్ని తీయించాలి."

ఆఫీసరు కాగితం మీద ఏదో గీసి, వెళ్లమన్నాడు.

స్టోరక్క పాసయింది. మిగతా ముగ్గురి మీద కాపీ కేసు కొట్టేశారు, మార్కులు మాత్రం ఎవరూ వేయలేదు. టీ కొట్టు దగ్గర ఆవిడకి పంచాయితీ పెట్టారు.

"కనీసం దగ్గొచ్చుగా అక్కా!" అన్నాడు వెల్డరు.

"దగ్గితే నీకేం అర్థమవుతుందిరా? ఫ్లాష్ పాయింట్ మారిందనా?"

"తప్పు తెలిసీ చెప్పకపోవడం ద్రోహం" అన్నాడు డిక్షనరీ.

"నోట్సు నీది, ద్రోహం నాదా అన్నయ్యా? బాగానే పంచావు." లాబు పిల్ల మాత్రం నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. మంట సంగతి రాసింది తనే, ఆలోచించనిదీ తనే.

కొత్త కుర్చీలో కూర్చున్న మొదటి వారంలో స్టోరక్క గుడ్డల కుప్ప తీయించి, డిస్పాచికి వెళ్లింది. థిన్నరు డబ్బాలు పేర్చిన వరసకి కాస్త అవతల, నేల మీద, డిక్షనరీ కరెంటు కెటిల్ బుడబుడలాడుతోంది. ప్లగ్గు దగ్గర చిటపటలు వినిపిస్తున్నాయి.

"ఇది ఇక్కడ్నుంచి తీసేయ్ అన్నయ్యా."

"డబ్బాలెక్కడ, కెటిలెక్కడ! మధ్యలో లారీ పడుతుంది."

"థిన్నరు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోతుంది, ఎవర్నీ దారి అడగదు. మూత వదులైన డబ్బా ఒక్కటి చాలు."

"మూతలన్నీ గట్టిగానే ఉన్నాయి."

ఆవిడ వంగి ఒక డబ్బా మూత మీద వేలు పెట్టింది. మూత అడ్డంగా తిరిగింది.

డిక్షనరీ ఏదో అర్థం చెప్పబోయి మానుకున్నాడు. ప్లగ్గు మీదికి చేయి పోనిచ్చాడు.

"దాన్ని ఇప్పుడు ముట్టుకోకు! రవ్వ లేస్తుంది. ముందు తలుపులన్నీ తెరువు. బయట మెయిను స్విచ్చి నేను ఆపిస్తాను."

"మరి నా టీ?"

"క్యాంటీనుకి నడు. మీ ముగ్గురూ వచ్చే పరీక్షకి నోట్సు కూడా అక్కడే రాసుకోండి. ఈసారి పేజీ తిప్పేముందు టీ తాగేసి రా."