హంప్ మీది బొమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోనే కాదు, స్టేషన్లో కూడా అందరికీ తెలుసు. కంప్యూటర్ వచ్చన్న గీర దానికి తోడు. భూపాలపల్లి దగ్గర టేకుమట్ల పక్క ఊరి పిల్లను, కానిస్టేబుల్‌గా జనగామకు కొత్తగా వచ్చాను. స్టేషన్లో ఉన్న ఒక్క కంప్యూటరూ నా టేబుల్ మీదే ఉండేది. మా హెడ్ కానిస్టేబుల్‌కు మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. మానుకోట వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంచుకుని, అవి ఎక్కడున్నాయని వెతుక్కునేవాడు. ఆయన్ని చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది.

అవి తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున ఉన్న రోజులు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తినే వంటావార్పులు రోజు విడిచి రోజు. ఒక ఉదయం పెట్రోల్ బంకు ముందర రోడ్డంతా పొయ్యిలే. వండే ఆడవాళ్లలో ఒక ముసలవ్వ బిందె తీసుకుని బంకులో నల్లా దగ్గరికి నీళ్లకు వెళ్లింది. రోడ్డు మూసేశారు కదా, బండ్లవాళ్లు కొందరు ఒక గేటుగుండా బంకులోకి దూరి, ఇంకో గేటుగుండా బయటపడుతున్నారు. అట్లా దూసుకొచ్చిన ఒక ఎర్ర మోటార్ సైకిల్ అవ్వను గుద్ది, ఆగకుండా పోయింది. అవ్వ తొడ ఎముక విరిగింది. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

జనం స్టేషన్ ముందు కూర్చున్నారు. గుద్దినవాడి పేరు చెప్పాలె అని పట్టు. మా ఎస్సై నన్ను బంకుకు పంపాడు. అక్కడ కెమెరా ఉంది. రెండు గేట్లూ కనపడేట్టు రేకుల కింద ఎత్తుగా పెట్టారు. మేనేజర్ రికార్డు తిప్పి చూపించాడు. ఎర్ర బండి కెమెరా కింద నుంచి పోయేటప్పుడు తెరమీద పెద్దగా కనిపించింది. అక్కడ ఆపించి, తెరను నా ఫోన్‌తోనే ఫోటో తీసుకున్నాను. స్టేషన్‌కు వచ్చి దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, పెద్దగా చేసి, వెలుగు పెంచి, నంబరు రాశాను. చివరి అంకె దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాను. మూడా, ఎనిమిదా? మూడే అనిపించింది. మూడు వేశాను.

ఆ నంబరు పాలకుర్తి అవతల తండాలో ఒకతనిది. బండి కూడా ఎర్రదే. గంటన్నరలో మనిషిని, బండిని తెచ్చారు.

ముప్పై ఏళ్లుంటాయేమో. చేతులకు ఇంకా పత్తిచేను మన్ను. "సార్, పొద్దటిసంది చేన్లనే ఉన్న. బండి ఇంటికాడనే ఉండె. మా తండోళ్లను అడుగుండ్రి" అన్నాడు. తండావాళ్లు తండావాడి తరఫునే మాట్లాడతారు గదా అని మా ఎస్సై కొట్టిపారేశాడు. అతనికి బడి వ్యాను డ్రైవర్‌గా పని ఖాయమైంది, వచ్చే నెల చేరాలి. గుద్ది పారిపోయిండన్న కేసు మీద పడితే పిల్లల వ్యాను ఎవరిస్తారు? ఆ మాట అతను అంటూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను, కానీ నా ఫోటో మీద నాకు నమ్మకం. అతని వెనకాలే వాళ్లమ్మ వచ్చింది. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు దగ్గరే నేల మీద కూర్చుంది. కొడుకు కనపడినప్పుడల్లా వాళ్ల మాటలో ఏదో అడిగేది. అతను తల అడ్డంగా ఊపేవాడు.

ఎస్సై కేసు కాగితాలు రాయమన్నాడు. రాయాల్సింది హెడ్ సారు. ఆయన కలం తీయలేదు.

"బిడ్డా, ఆ బొమ్మ జర చూపియ్యి" అన్నాడు నన్ను.

చూపించాను. కళ్లద్దాలు కిందికి దించుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక తెల్లకాగితం మధ్యలో బ్లేడుతో అంకెంత కిటికీ కోశాడు. దాన్ని నంబరు మీద పెట్టి, ఒక్కొక్క అంకెనే చూస్తూ జరిపాడు. పక్క అంకెలు కనపడకుండా చూస్తే, కన్ను ఊహించుకోదట. చివరి అంకె దగ్గర ఆగాడు.

"గిది మూడని ఎట్ల రాసినవు?"

"మూడు లెక్కనే ఉంది గద సార్. పెద్దగ చేసి చూసిన."

"పెద్దగ చేస్తే లేనిది వస్తదా? చెరిగినది పెద్దగైతది, అంతే. నీ మనసుల ఏ అంకె ఉంటె గదే కనపడ్తది. మళ్ల ఇది అసలు బొమ్మ గూడ కాదు, తెరకు తీసిన బొమ్మ. తెర గీతలన్ని అంకెల్లకు ఎక్కినయి. నడువు, బంకుకు పోదాం."

నాకు ఒళ్లు మండింది. మౌస్ పట్టరాని మనిషి నాకు కంప్యూటర్ చెప్తాడా అనుకున్నాను. అయినా వెళ్లాను. బయట జనం "పేరు చెప్పుండ్రి" అని అరుస్తుంటే, ఆయన సైకిల్ స్టాండు దగ్గర ఆగి వాళ్లతో "ఇంకో గంట ఓపిక పట్టుండ్రే, తప్పు పేరు చెప్పమంటరా?" అన్నాడు. ముందు కూర్చున్నవాళ్లు జరిగి మాకు దారి ఇచ్చారు.

బంకులో ఆయన మేనేజర్‌ను ఒక్కటే అడిగాడు: బండి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి పోయేదాకా ఒక్కో బొమ్మనూ ఆపి ఆపి చూపించమని. ఐదారు సెకన్ల రికార్డు. ఇరవై చిల్లర బొమ్మలు వచ్చాయి. ఆయన ప్రతి దానికీ పుస్తకంలో ఒక నంబరు వేసి, పక్కన ఒక మాట రాసుకున్నాడు. నేను ఎంచుకున్నది పదకొండోది. దాని పక్కన "పెద్దగ ఉంది, చెరిగింది" అని రాశాడు. బండి కెమెరాకు దగ్గరగా, వేగంగా ఉన్నప్పుడు అంకెలు పక్కకు సాగిపోతాయట. పైగా నిటారుగా పైనుంచి చూస్తే ప్లేటు వంకరగా, పొట్టిగా కనపడుతుందట. ఎక్కడ నేర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే "చూసి చూసి తెలిసింది" అనేవాడు.

పంతొమ్మిదో బొమ్మ దగ్గర ఆయన చేయెత్తాడు. "ఆపు."

బయటి గేటు దగ్గర హంప్ ఉంది. అక్కడ ఎంత తొందరలో ఉన్నవాడైనా బండిని నెమ్మది చేయాల్సిందే. ఆ బొమ్మలో వెనక చక్రం హంప్ మీదికి ఎక్కి ఉంది. బండి దాదాపు ఆగినట్టే ఉంది. వెనక లేచేసరికి నంబర్ ప్లేటు కాస్త పైకి, కెమెరా వైపు తిరిగింది. బండి దూరంలో ఉంది కాబట్టి ప్లేటు అగ్గిపెట్టె మీది బొమ్మంత కూడా లేదు. నేనైతే దాన్ని చూసేదాన్ని కాదు. కానీ అంకెలు ఒకదానిలోకి ఒకటి పోకుండా విడివిడిగా నిలబడ్డాయి.

ఆ బొమ్మను, దాని ముందొకటి, వెనకొకటి రికార్డు నుంచే నేరుగా పెన్ డ్రైవ్‌లోకి తీయించాడు. కాగితం మీద వేయించాక, నంబరు చదివి రాయమని ముగ్గురికి తలా ఒక కాగితం ముక్క ఇచ్చాడు. నాకు, అక్కడికి వచ్చిన ఇంకో కానిస్టేబుల్‌కు, బంకులో పెట్రోల్ కొట్టే ఆమెకు. వాళ్లిద్దరికీ స్టేషన్లో ఉన్నవాడి నంబరు తెలియదు. "ఒకల ముక్క ఒకలు చూడొద్దు. ఖాయంగ తెలిసిందే రాయుండ్రి. అనుమానముంటె గీత పెట్టుండ్రి" అన్నాడు.

చివరి అంకె ముగ్గురివీ ఒకటే. ఎనిమిది.

నేను వేసిన మూడు తప్పు. కానీ ఆయన చూస్తున్నది అంకెను కాదు, మొదటి రెండు అక్షరాలను. నేనూ ఆ కానిస్టేబులూ AP అని రాశాం. పెట్రోల్ కొట్టే ఆమె TG అని రాసింది.

"అక్కా, నువ్వు సరిగ్గ చూసినవా?" అన్నాను కొంచెం కరుగ్గానే.

"రోజు వంద బండ్లకు పోస్త. ఇప్పుడు సగం బండ్ల మీద AP తీసి, తెలంగాణ అని గట్లనే రాయించుకుంటున్నరు. నువ్వే చూడు" అంది.

చూశాను. చూస్తే తెలిసిపోయింది. లావుగా, చేత్తో రాసిన TG. అట్లా రాయడం చట్టం ఒప్పుకోదు. మా రికార్డుల్లో AP తప్ప ఇంకోటి ఉండదు. రోజూ AP రాసీ రాసీ, కళ్ల ముందు ఉన్నదాన్ని కూడా మేమిద్దరం AP అనే చదివాం. ఆయన మమ్మల్ని వెక్కిరించలేదు. "ఇది పోలీసోళ్లకే అయ్యే తప్పు" అన్నాడు, అంతే.

స్టేషన్‌కు వచ్చి ఆవరణలో పెట్టిన తండా బండి చూశాం. పాత రంగు, పాత దుమ్ము, చెక్కుచెదరని AP. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి రాసిన జాడ ఎక్కడా లేదు. హెడ్ సారు అతన్ని అడిగాడు.

"నువ్వు తెలంగాణ అని రాయించుకోలేదేంది?"

అతను ఎస్సై గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "రాయిద్దామనే ఉండె సార్. రాయిస్తే పోలీసోళ్లు ఆపుతరని భయమైంది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎనిమిదితో నంబరును AP కిందనే వెతికించాం. పక్క మండలం మనిషిది. పిలిపిస్తే అదే ఎర్ర బండి, ప్లేటు మీద కొత్త TG. పొద్దున తానే అవ్వను గుద్దానని, భయపడి పారిపోయానని చెప్పాడు.

హెడ్ సారు కేసు కాగితాలకు పంతొమ్మిదో బొమ్మను పెట్టాడు. దాని వెనకే నా పదకొండో బొమ్మనూ పెట్టబోతే, "సార్, అది తీసెయ్యరాదా?" అన్నాను.

"తీసేస్తే ఈ పొలగాన్ని ఎందుకు తెచ్చినమో ఎవరు చెప్పాలె? తప్పు చదివింది గూడ ఉండాలె. కింద సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. తర్వాత, "పోయి నువ్వే చెప్పు. వాళ్లమ్మ గేటుకాడనే ఉన్నది" అన్నాడు.

ఆయన తరువాత మానుకోటకే బదిలీ మీద వెళ్లాడు, అక్కడే రిటైరయ్యాడు. నేను ఇప్పటికీ కాగితానికి కిటికీ కోసే చూస్తాను. అంత ఓపిక, అంత నిజాయితీ కలిసి ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు రెండు బొమ్మలూ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. కొడుకు అప్పటికే బండి తాళం తీసుకుని పక్కన నిలబడ్డాడు. "అమ్మా, తప్పు మాది. నేనే తప్పు చదివిన" అన్నాను. ఆమె లేచి నిలబడింది. చేయి చాచింది. ఏ బొమ్మ చూసి కొడుకును తెచ్చారో అది చూపించమంది.

నా పదకొండో బొమ్మ ఇచ్చాను. ఆమె దాన్ని ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"నాకు సదువు రాదు బిడ్డా" అంది. "గని గిండ్ల ఏం కనపడ్తలేదు గదా."