ఏడు రోజుల్లోపు ఇంటికి

తమిళనాట చెట్టికరైలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, దగ్గర్లోని ధర్మపురిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటరు పని చూసేవాణ్ణి. పట్టికలు శుభ్రంగా వేస్తానని అక్కడి మానసిక వైద్యురాలు నాకు ఇంకో పని కూడా అప్పగించారు. లేని గొంతులు వినిపించడం, ఎవరో తరుముతున్నారని నమ్మడం మొదలైన కొత్తలోనే యువతకు వైద్యం అందించే విభాగం పెట్టాలని ఆవిడ కోరిక. ట్రస్టు సభ్యులను ఒప్పించే ప్రతిపాదన నేను రాయాలి. కొద్దిమంది రోగులతో ప్రయోగం అప్పటికే నడుస్తోంది.

రాయడం నాకు నచ్చింది. సిబ్బంది: వారానికి రెండు పూటలు వైద్యురాలు, ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త. ఆ చివరి ఇద్దరికీ తలా పదిహేను మందికి మించి రోగులు ఉండకూడదు. వైద్యం సాగే దారి: ఎవరు పంపినా వారంలోపు పరీక్ష, ఆ తర్వాత ఏడు రోజుల్లోపు ఇంటికి వెళ్లడం, తక్కువ మోతాదులో మందు, ఇంటివాళ్లతో మాటలు, మూడేళ్ల పాటు తోడు. ఫలితాలు కొలవడానికి: లక్షణాలు మొదలై మందు పడేదాకా గడిచిన కాలం, మళ్లీ తిరగబెట్టడం, మధ్యలో మానేసినవాళ్లు, తిరిగి చదువుకో పనికో వెళ్లినవాళ్లు.

పక్కనున్న ఇండూరు పల్లె నుంచి ఒక తెలుగు తల్లి కొడుకును తీసుకొచ్చింది. అతను నేను చదివిన కాలేజీలోనే రెండో ఏడు. సామాజిక కార్యకర్తకు తెలుగు రాదు కాబట్టి ఆమెను ప్రశ్నలు అడిగింది నేనే. ఎప్పుడు మొదలైందంటే వేరుశనగ పీకేటప్పుడు అంది. నేను నెలలు లెక్కగట్టి రాసుకున్నాను. చిరునామా రాస్తుండగా ఆమె గొంతు తగ్గించింది.

"బోర్డు ఉండే బండిలో రావద్దు నాయనా. బస్సు దిగి నడిచి రాండి. ఎవురైనా అడిగితే కాలేజీ నుంచి వచ్చినామనండి. మా ఊరి పిల్లోళ్లు వీడితోనే బస్సెక్కేది."

సరేనన్నాను. ఫారంలో ఊరుంది, వీధి ఉంది, పక్కింటి ఫోను నంబరు ఉంది. ఆమె చెప్పినదానికి గడి లేదు. గడి లేనిది సమాచారం కాదనుకునే రకం నేను.

ఆరో రోజున నర్సు, సామాజిక కార్యకర్త ఆసుపత్రి జీపులో వెళ్లారు. జీపు పక్కన మానసిక వైద్య విభాగం అని తమిళంలో పెద్ద అక్షరాలు. ఏడు రోజుల్లోపు అన్న గడిలో నేను టిక్కు పెట్టాను, సంతోషంగానే.

తర్వాతి రెండు వారాలూ తల్లీ కొడుకూ ఆసుపత్రికి రాలేదు. ఫోను చేస్తే పక్కింటివాళ్లు ఆమెను పిలవలేదు. మానేసినవాళ్ల పట్టికలో, కారణం దగ్గర, "కుటుంబం నిరాకరించింది" అని రాశాను. ముసాయిదా చదివిన వైద్యురాలు ఎందుకు నిరాకరించిందని అడిగారు. తెలియదన్నాను. అది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు.

ఆ శనివారం బస్సు దిగి నడిచి వెళ్లాను. ఆమె ఇంటి వెనక రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"ఇప్పుడు నడిచి వచ్చినావా," అంది. "ఆ పొద్దు చెప్తినే."

నేను రాసుకోలేదని చెప్పాను. గడి సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"అంత రాసుకుంటివే నాయనా. చేయి ఆగకుండా రాస్తివి."

జీపు వచ్చిన మర్నాడు బస్సులో పిల్లలు అతణ్ణి ఆ బండి మీద రాసిన పేరుతో పిలిచారట. అప్పటి నుంచి గది దాటి రాడు, మాత్ర మింగడు, గోడకేసి మళ్లీ మాట్లాడుతున్నాడు. లోపలి నుంచి అతని గొంతు నాకూ వినిపించింది. ఎవరినో బతిమాలుతున్నట్టుంది.

సోమవారం వైద్యురాలికి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మందు మళ్లీ మొదలుపెట్టడమే ముందు అన్నారు. మర్నాడు ఆవిడే మామూలు చీరలో, బస్సులో, నర్సును వెంటబెట్టుకుని వెళ్లారు. మూడోసారి వెళ్లినప్పుడు అతను తలుపు తీశాడట. మాత్రలు మళ్లీ పడ్డాయి, గొంతులు తగ్గాయి. కానీ హాజరు చాలక ఆ ఏడు పోయింది. తిరిగి చదువుకు అన్న గడిలో "లేదు" అని రాశాను. తిరగబెట్టింది అన్న గడిలో "అవును". రెండూ నా చేతిరాతే.

ఇంటికి వెళ్లే ముందు ఎలా రమ్మంటారో అడిగి రాసుకోవాలని ప్రతిపాదనలో చేర్చాం. ఫారంలో గడి కూడా పెట్టాం. కారణం దగ్గర "కుటుంబం నిరాకరించింది" కొట్టేసి, కుటుంబం అడిగిన జాగ్రత్త పాటించలేదు అని రాశాను. కర్త లేకుండా రాశానని అప్పుడు గమనించలేదు.

ట్రస్టు సమావేశంలో ఒక పెద్దాయన సరిగ్గా ఆ వరుస దగ్గరే వేలు పెట్టి, పాటించనిది ఎవరని అడిగాడు. వైద్యురాలు మా పొరపాటేనన్నారు. నేను వెనక ప్రొజెక్టరు దగ్గర నిలబడి ఉన్నాను. ఆవిడ నావైపు చూడలేదు, నా అంతట నేనే ఒప్పుకునే వీలు ఇవ్వడానికే అనుకుంటాను. నేను తర్వాతి పేజీ వేశాను.